గుల్లలో ఎంత పడుతుంది?

భీమిలి రోడ్డులో మా బావగారు కొన్న స్థలానికి ముందువైపు ప్రహరీ కట్టాలి. ఎనిమిది అంగుళాల హాలో బ్లాకులతో గోడ, మధ్యమధ్య నిలువు ఊచలు, ఊచలున్న గుల్లల్లో కాంక్రీట్ పోత. డ్రాయింగ్ తయారైంది. ఎస్టిమేట్ వేసిన కాంట్రాక్టరు పోతకి మూడు ఘనమీటర్లకి పైనే రాశాడు. ఆ కాగితం చూసి పనికి వచ్చే తాపీ మేస్త్రీ నవ్వి, "ఇంత ఎందుకండి బాబూ, అర మీటరుంటే చాలు" అన్నాడు. ఒకే గోడకి ఇద్దరు చెప్పిన అంకెల మధ్య ఆరు రెట్ల తేడా. బావగారు రెండు కాగితాలూ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కాంట్రాక్టరు చదరపు మీటరు గోడకి 85 లీటర్లు పడుతుందని ఏదో పట్టికలో చూసి, గోడ వైశాల్యంతో గుణించేశాడు. ఆ పట్టిక నిజమే, కానీ అది గోడలో ఉన్న ప్రతి గుల్లనూ నింపితే పట్టే లెక్క. మన గోడలో నాలుగు గుల్లలకి ఒకటే నింపుతాం. మేస్త్రీదేమో కంటి అంచనా. పైనుంచి చూస్తే గుల్ల చిన్నదిగానే కనిపిస్తుంది మరి. అసలు సంఖ్య ఎక్కడుందో తెలియాలంటే ఒక బ్లాకు దగ్గర కూర్చోవాలి.

ముందు ఇంకో ప్రశ్న. గుల్ల గోడలో గుల్లలు నింపడమెందుకు? గాలి తక్కువ బరువుతో గోడ లేపొచ్చనే కదా ఆ బ్లాకు కొంటాం. విశాఖ తీరం మన దేశంలో గాలి ఎక్కువుండే ప్రాంతాల్లో ఒకటి. కట్టడాల మీద గాలి ఒత్తిడి చెప్పే ఐఎస్ 875 మూడో భాగం ఇక్కడ లెక్కలోకి తీసుకోమన్న వేగం సెకనుకి 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్లకి ఆ అంకె గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎత్తు, పరిసరాల సవరణలు పక్కన పెడితే ఆ వేగానికి చదరపు మీటరు గోడ మీద దాదాపు 150 కిలోల తోపు పడుతుంది. రెండు మీటర్ల ఎత్తు గోడలో ఒక మీటరు పొడవు ముక్కని ఊహించుకోండి. దాని మీద 300 కిలోల తోపు, సగటున మీటరు ఎత్తులో పనిచేస్తుంది. పడిపోకుండా ఆపేది దాని సొంత బరువు, 440 కిలోలు అనుకుందాం. కానీ ఆ బరువు గోడ అంచు నుంచి తొమ్మిదిన్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. తోసే బలం 300 కిలో-మీటర్లయితే నిలబెట్టేది 42. మిగతాదంతా పునాదిలోంచి పైకి లేచిన ఊచ లాగి పట్టుకోవాలి. ఊచ లాగాలంటే బ్లాకు దాన్ని గట్టిగా పట్టుకుని ఉండాలి. ఆ పట్టే గ్రౌట్. గుల్లలో ఊరికే వేలాడే ఊచకి గోడతో ఏ సంబంధమూ ఉండదు. గోడ పడిపోయినా అది మాత్రం నిలబడే ఉంటుంది.

గ్రౌట్ అనగానే బాత్రూం టైల్సు మధ్య పూసే తెల్లపొడి గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. సిమెంటు, ఇసుక, చిన్న చిప్స్ కలిపి, పారేలా పలచగా చేసిన కాంక్రీట్. సైట్లో దీన్ని పోత అనే అంటారు.

ఇక బ్లాకు. మార్కెట్లో 400, 200, 200 అని పిలిచే బ్లాకు నిజానికి 390 మిల్లీమీటర్ల పొడవు, 190 వెడల్పు, 190 ఎత్తు ఉంటుంది. తగ్గిన పది మిల్లీమీటర్లు మాలుకి వదిలిన చోటు. మాలు కలిపి గోడలో ఒక్కో బ్లాకు 400 పొడవు, 200 ఎత్తు ఆక్రమిస్తుంది. అంటే చదరపు మీటరుకి పన్నెండున్నర బ్లాకులు. ప్రతి బ్లాకులో రెండు గుల్లలు. పొడవు దిశలో మీటరుకి ఐదు గుల్లలు వస్తాయి. ఈ ఐదు అన్న అంకె గుర్తుంచుకుంటే మిగతా లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

బావగారి సైట్లో దించిన బ్లాకు ఒకటి తిరగేసి టేపు పెట్టాం. ఒకవైపు గుల్ల 145 మిల్లీమీటర్లకి 125 ఉంది. రెండోవైపు అదే గుల్ల 140కి 115. అచ్చులోంచి బ్లాకు తేలిగ్గా ఊడిరావాలి కాబట్టి గుల్లని కాస్త వాలుగా పోస్తారు. గోడలో పెట్టేటప్పుడు మేస్త్రీ అలవాటుగా మందంగా ఉన్న వైపుని పైకి పెడతాడు, మాలు పరచడానికి ఎక్కువ చోటు దొరుకుతుందని. అందుకే పైనుంచి తొంగిచూస్తే ఎప్పుడూ సన్నమైన మూతే కనిపిస్తుంది. మేస్త్రీ కంటి అంచనా తప్పడానికి ఇది ఒక చిన్న కారణం. రెండు మూతల సగటు తీస్తే గుల్ల వైశాల్యం 171 చదరపు సెంటీమీటర్లు. మీటరు ఎత్తున నింపితే 17.1 లీటర్లు పడుతుంది.

టేపు మీద నమ్మకం లేకపోతే ఇసుక ఉంది. బ్లాకుని చదునైన నేల మీద పాలిథిన్ పరిచి నిలబెట్టి, పొడి ఇసుకని లీటరు మగ్గుతో కొలిచి గుల్లల్లో పోసి, పైన తాపీతో సమం చేయాలి. మాకు రెండు గుల్లలకీ కలిపి ఆరున్నర లీటర్లు పట్టింది. బ్లాకు ఎత్తు 19 సెంటీమీటర్లు కాబట్టి ఒక్కో గుల్లకి మీటరుకి మళ్లీ 17.1 లీటర్లే వచ్చింది. ఇసుకని కుదించకుండా, కుండలో బియ్యం పోసినట్టు వదులుగా పోస్తే చాలు. మీ ఊరి ఫ్యాక్టరీ అచ్చు వేరుగా ఉంటుంది, మీ అంకె మారుతుంది. 16 రావచ్చు, 18 రావచ్చు. పట్టిక చూసి కొలత రాసుకోకండి. అర గంట పనే కదా.

ఇక్కడే ఇంకోటి చూసుకోవాలి. మన దగ్గర దొరికే హాలో బ్లాకుల్లో కొన్నిటికి గుల్ల ఆరపార ఉండదు, ఒకవైపు పలచటి మూత ఉంటుంది. మామూలు గోడకి అది సౌకర్యమే, మాలు లోపలికి జారిపోదు. ఊచ దిగాల్సిన గోడకి మాత్రం అవి పనికిరావు. సుత్తితో మూత పగలగొడితే బ్లాకే చిట్లుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే రెండువైపులా తెరిచి ఉన్నవి కావాలని చెప్పాలి.

ఇప్పుడు చదరపు మీటరు లెక్క. మీటరు పొడవు, మీటరు ఎత్తు గోడలో ఐదు గుల్లలు, ఒక్కోటి 17.1 లీటర్లు. అన్నీ నింపితే 85.5. కాంట్రాక్టరు పట్టికలోని అంకె ఇదే. మట్టిని ఆపే రిటైనింగ్ గోడకో, ట్యాంకు గోడకో ఇంజనీరు అన్ని గుల్లలూ నింపమంటే ఇదే వాడాలి. ఊచ 400 మిల్లీమీటర్లకొకటి అయితే రెండు గుల్లలకి ఒకటి నింపుతాం, 43 లీటర్లు. 600కి ఒకటి అయితే మూడింటికి ఒకటి, 28 లేదా 29. మన డ్రాయింగులో లాగా 800కి ఒకటి అయితే నాలుగింటికి ఒకటి, 21 లీటర్ల చిల్లర. ఊచ ఆక్రమించే చోటు తీసేయాలా అని అడుగుతారు. 12 ఎంఎం ఊచ మీటరుకి లీటరులో ఇంచుమించు తొమ్మిదో వంతే ఆక్రమిస్తుంది. పదిహేడులో అదెంత, వదిలేయండి.

ఆరు అంగుళాల బ్లాకైతే గుల్ల వెడల్పు ఎనిమిది సెంటీమీటర్లకి అటూ ఇటూ వస్తుంది. మీటరుకి ఇంచుమించు 12 లీటర్లు, అన్నీ నింపితే చదరపు మీటరుకి 60. నాలుగు అంగుళాల బ్లాకులో ఊచ పెట్టి పోత పోస్తామంటే ఒప్పుకోకండి. ఆ సందులో ఊచ, దాని చుట్టూ కాంక్రీట్, పొడవడానికి కడ్డీ ఇవన్నీ పట్టవు.

చదరపు మీటరుకి 21 లీటర్లు అన్నాం కదా, వైశాల్యంతో గుణిస్తే అయిపోతుందా? బావగారూ అదే అడిగారు. అక్కడే ఇంకో పొరపాటు దాక్కుని ఉంది.

ముందువైపు మొత్తం 24 మీటర్లు. అందులో గేటుకి 3.6 మీటర్లు పోతే ఎడమవైపు 12 మీటర్లు, కుడివైపు 8.4 మీటర్ల గోడ మిగిలింది. బ్లాకుల గోడ తొమ్మిది వరసలు, అంటే 1.8 మీటర్లు. దాని మీద పదో వరసగా యు ఆకారం బ్లాకుల్లో అడ్డ ఊచలతో బ్యాండు. బ్యాండు కింది గోడ వైశాల్యం 36.7 చదరపు మీటర్లు. 21.4తో గుణిస్తే 785 లీటర్లు. కానీ డ్రాయింగు ముందు పెట్టుకుని గుల్లల్ని ఒక్కొక్కటి వేలు పెట్టి లెక్కపెట్టాం. 12 మీటర్ల ముక్కలో 800కి ఒకటి చొప్పున పదిహేను ఖాళీలు, కానీ ఊచలు పదహారు. వేళ్ల మధ్య సందులు నాలుగైతే వేళ్లు ఐదుంటాయి కదా. కుడి ముక్కలో పదిన్నర ఖాళీలు, అర ఖాళీ వదలలేం కాబట్టి పదకొండు, ఊచలు పన్నెండు. ఇది కాక గేటు బరువు మోసే రెండు అంచుల్లోనూ పక్కపక్కనే రెండేసి గుల్లలు నింపమని ఇంజనీరు రాశాడు. అవి రెండు అదనం. మొత్తం ముప్పై. ముప్పై గుల్లలు, ఒక్కోటి 1.8 మీటర్లు, కలిపి 54 మీటర్లు. మీటరుకి 17.1 చొప్పున 923 లీటర్లు. గుణకారంతో వచ్చినదానికంటే 138 లీటర్లు ఎక్కువ.

అంటే ఈ గోడకి నిజమైన సగటు చదరపు మీటరుకి 25 లీటర్లు. పొడవైన, గేటు లేని గోడకి 21కి దగ్గరగా ఉంటుంది. కిటికీలు, తలుపులు, మూలలు ఎక్కువున్న ఇంటి గోడకి 30 దాటినా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే భూకంప భద్రత గురించి చెప్పే ఐఎస్ 4326 కూడా నిలువు ఊచలు ముందుగా కోరేది మూలల్లోనూ, గోడలు కలిసేచోటా, తలుపు కిటికీల అంచుల్లోనూ. గోడ వైశాల్యానికి ఆ ఊచల సంఖ్యతో సంబంధం లేదు. కిటికీ పెట్టగానే వైశాల్యం తగ్గుతుంది, నింపాల్సిన గుల్లలు పెరుగుతాయి. చదరపు మీటరు అంకె కాంట్రాక్టరుతో మొదటిసారి మాట్లాడటానికి పనికొస్తుంది. సిమెంటు కొనడానికి మాత్రం గుల్లలు లెక్కపెట్టాల్సిందే.

బ్యాండు లెక్క వేరే. యు బ్లాకు లోపల 120 మిల్లీమీటర్ల వెడల్పు, 150 లోతు. మీటరుకి 18 లీటర్లు, 20.4 మీటర్లకి 367. గుల్లలతో కలిపి 1,290. వృథాకి పది శాతం కలిపితే 1,420 లీటర్లు, ఘనమీటరుకి కాస్త తక్కువగా ఒకటిన్నర. కాంట్రాక్టరు రాసిన దాంట్లో సగం కూడా లేదు, మేస్త్రీ చెప్పినదానికి దాదాపు మూడు రెట్లు. ఒక భాగం సిమెంటు, రెండున్నర భాగాల ఇసుక, ఒకటిన్నర భాగాల చిప్స్ పాళ్లలో ఒక బస్తా సిమెంటుకి తడి పోత 115 లీటర్ల దాకా వస్తుంది. పన్నెండు బస్తాలు దాటుతుంది కాబట్టి పదమూడు తెప్పించాం.

ఆ పది శాతం ఎక్కడికి పోతుందో చెప్పాలి. బకెట్టు అంచు నుంచి కారేది, మిక్సరులో అంటుకునేది కొంత. కానీ అసలు దొంగ గోడ లోపలే ఉంటాడు. బ్లాకుకి ముందు వెనక రెండు పలకలు, వాటిని కలిపే మూడు అడ్డ గోడలు ఉంటాయి. మన తాపీ పనిలో మాలు ముందు వెనక పలకల మీదే వేస్తారు, అడ్డ గోడల మీద వేయరు. మామూలు గోడకి దానివల్ల ఇబ్బంది లేదు. పోత పోసే గుల్లకి అటూ ఇటూ ఉన్న అడ్డ గోడల మీద కూడా మాలు పడకపోతే ప్రతి వరసలోనూ సెంటీమీటరు సందు మిగులుతుంది. పలచటి పోత ఆ సందులోంచి పక్క గుల్లలోకి జారిపోతుంది. ఈ విషయం ముందే చెబితే మేస్త్రీ ఊచ ఉన్న గుల్లల దగ్గర మాత్రం తాపీ ఇంకో రెండుసార్లు ఆడిస్తాడు, అంతే.

బ్యాండుకి యు బ్లాకులు దొరక్క, మామూలు బ్లాకుల అడ్డ గోడలు కొట్టేసి వాడేవాళ్లూ ఉన్నారు. వాటికి అడుగు ఉండదు. కింద ఖాళీగా వదలాల్సిన గుల్లల మీద ఇనుప జాలీ ముక్కో మరేదో అడ్డం పెట్టకపోతే, బ్యాండు పోత డెబ్భై రెండు గుల్లల్లోకి దిగిపోతుంది. అప్పుడు కాంట్రాక్టరు రాసిన మూడు ఘనమీటర్లు కూడా చాలవు.

పోత పలచగా ఉండాలి అన్నాను. ఇది వినగానే నీళ్లు ఎక్కువైతే కాంక్రీట్ బలం పోతుంది కదా అని చదువుకున్న ఇంటి యజమానులు అభ్యంతరం చెబుతారు. స్లాబుకి అది అక్షరాలా నిజం. గుల్లలో కథ వేరు. బ్లాకు పొడిగా ఉంటుంది, దాని లోపలి గోడలు పోతలోని నీళ్లని గబగబా పీల్చేస్తాయి. చివరికి ఊచ చుట్టూ మిగిలే కాంక్రీట్‌లో నీళ్లు తక్కువే. మొదటే గట్టిగా కలిపితే సగం దారిలోనే నీళ్లు పోగొట్టుకుని ఇరుక్కుపోతుంది. అందుకే అమెరికాలో ఈ పనికి వాడే ప్రమాణాల్లో స్లంపు 200 నుంచి 280 మిల్లీమీటర్లు ఉండాలని అడుగుతారు. స్లంపు అంటే శంకువు ఆకారం డబ్బాలో నింపి డబ్బా తీసేశాక కాంక్రీట్ ఎంత కూలబడుతుందన్న కొలత. ఆ శంకువు ఎత్తే 300 మిల్లీమీటర్లు. అంటే ఇది నిలబడనే కూడదు, పరుచుకోవాలి. సాంబారులా పారకూడదు, ముద్దపప్పులా ఉండిపోకూడదు. నీళ్లు పైకి, చిప్స్ అడుక్కి విడిపోతే అది కూడా తప్పే. చిప్స్ పది ఎంఎం దాటకూడదు. స్లాబుకి తెచ్చిన 20 ఎంఎం కంకర మిగిలింది కదా అని ఇందులో వేస్తే రెండో వరసలోనే అడ్డం పడుతుంది. హాలో బ్లాకుల్ని ఇటుకల్లా నీళ్లలో నానబెట్టకపోవడానికి కారణం కూడా ఇంతే. నానిన బ్లాకు నీళ్లు పీల్చదు, పైగా ఆరాక కుంచించుకుని గోడ చీలుతుంది.

పీల్చడం వల్ల పరిమాణం కూడా తగ్గుతుంది. అంచుదాకా నింపిన గుల్ల కాసేపటికి ఒకట్రెండు అంగుళాలు దిగి కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ కడ్డీతో పొడిచి, పైన కలపాలి. పొడవకుండా పైన పోస్తే ఊచ చుట్టూ నీళ్లు పోయిన చోట సన్నటి ఖాళీ మిగిలిపోతుంది. మా సైట్లో భోజనానికి ముందు పోసినవాటిని తిరిగొచ్చాక పొడుద్దామన్నారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. గట్టిపడకముందే, అంటే పావుగంట, అరగంట లోపే మళ్లీ రావాలి.

పోత రోజు వచ్చింది. గోడ ఒకేసారి తొమ్మిది వరసలూ లేపి పైనుంచి పోయొద్దని ముందే అనుకున్నాం. అమెరికా నియమాల్లో కూడా 1.6 మీటర్లు దాటి ఒకే ఎత్తున పోయాలంటే అడుగు వరసలో ప్రతి గుల్లకీ చిన్న కిటికీ పెట్టి, రాలిన మాలు తీసేయాలి. మేం ఐదు వరసలు లేపి ఒకసారి, మిగతా నాలుగు లేపి రెండోసారి పోశాం. మొదటిసారి పోత ఐదో బ్లాకు అంచుకి ఒకటిన్నర అంగుళం కిందే ఆపాం, మీద పోసేది దాంట్లో పళ్లు దిగినట్టు కూర్చోవడానికి. పునాదిలోంచి లేచిన ఊచ ముక్కలకి పై ఊచలు పక్కన కట్టి, అవి గుల్ల మధ్యలోనే నిలబడేలా బైండింగ్ వైరుతో సరిచేశారు. గుల్ల గోడకి ఆనుకున్న ఊచకి ఆ వైపు పోత పట్టదు.

ఇంట్లో ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఎనిమిదిన్నర లీటర్ల నీళ్లు కొలిచి పోసి, ఆ మట్టానికి పెయింటుతో గీత గీశాం. మీటరు ఎత్తు గుల్లకి 17 లీటర్లు కాబట్టి గీతదాకా రెండు బకెట్లు పడాలి. బకెట్టు నిండా ఎత్తితే నలభై కిలోలు దాటుతుంది, గీతదాకా అయితే పంతొమ్మిది. మనిషి ఎత్తి గోడ మీదికి వంచగలడు. ప్రతి గుల్ల పక్కన గోడ మీద సుద్దతో గీతలు పెట్టమని మేస్త్రీకి చెప్పాను. అతను కాస్త వింతగా చూశాడు కానీ పెట్టాడు.

మొదటి ఆరు గుల్లలు రెండేసి బకెట్లు, ఆపైన ఓ తాపీ ముక్క. ఏడోది ఒక బకెట్టు, ఇంకో బకెట్టులో కాస్త వేసేసరికి పైకి వచ్చేసింది.

"ఇది చిన్న గుల్లండి బాబూ, ఒకటికే నిండిపోనాది" అన్నాడు మేస్త్రీ. పోత మిగిలిందన్న సంతోషం అతని ముఖంలో కనిపించింది.

గుల్లలన్నీ ఒకే అచ్చులోవి. చిన్న గుల్ల అనేది ఉండదు. పొడవాటి కడ్డీ తెప్పించి లోపలికి దించితే రెండు వరసల కిందే ఆగిపోయింది. అడుగు వరసలో ఆ గుల్ల ముందు సుత్తితో కొడితే డబ్బా మోత. పక్కన నిండిన గుల్ల దగ్గర కొడితే చచ్చిన మోత. ఉలితో బ్లాకు ముఖంలో చిన్న కిటికీ తెరిచాం. లోపల ఊచ నిగనిగా మెరుస్తోంది, దాని చుట్టూ ఏమీ లేదు. పైన రెండో వరస దగ్గర గట్టిపడిన మాలు ముద్ద ఒకటి అడ్డం పడి ఉంది.

ఆ ముద్ద అక్కడ ఎందుకు ఆగిందో చెబితే గుల్లల గోడ మొత్తం అర్థమవుతుంది. బ్లాకులు సగం సగం తప్పించి పేరుస్తాం. పై బ్లాకులోని గుల్ల కింది బ్లాకులోని గుల్ల మీద నేరుగా కూర్చోదు. లెక్క వేసి చూస్తే ప్రతి వరసకీ రెండు సెంటీమీటర్ల చొప్పున అటూ ఇటూ జరుగుతుంది. గుల్లలోకి చూస్తే మెట్లలా చిన్న చిన్న అంచులు. మాలు పిండినప్పుడు లోపలికి పొంగిన ముక్కలు ఆ అంచుల మీద కూర్చుంటాయి. నింపాల్సిన పరిమాణం మారదు కానీ దారి సన్నబడుతుంది. అందుకే ప్రతి వరసా పెట్టాక లోపలికి పొంగిన మాలుని తాపీతో గీకేయాలి, అర అంగుళం కంటే ఎక్కువ పొడుచుకుని ఉండకూడదు. ఏడో గుల్ల దగ్గర ఒకరోజు వేరే మనిషి పని చేశాడట.

పోత ఇంకా తడిగానే ఉంది కాబట్టి పనైంది. కింది కిటికీలోంచి ముద్దని పొడిచి పడగొట్టి, పడినదంతా బయటికి లాగి, నీళ్లతో కడిగి, కిటికీకి చెక్క బిగించి మళ్లీ పోశాం. రెండు బకెట్లు, ఓ తాపీ ముక్క. సుద్ద గీతలు లేకపోతే ఆ గుల్ల నిండినట్టే లెక్క. ప్లాస్టరు చేశాక దాన్ని కనిపెట్టే మార్గం సుత్తి మోత తప్ప మరొకటి లేదు, ప్లాస్టరు మీద ఆ మోత కూడా సరిగ్గా తెలియదు.

పందొమ్మిదోది దీనికి తిరగబడింది. మూడు బకెట్లు పోసినా అంచు కనిపించలేదు. పక్క గుల్ల ముఖం మీద తడి మరక మెల్లగా పైకి పాకుతోంది. అడ్డ గోడ మీద మాలు వేయడం మరిచారు, పోత పక్కకి పోతోంది. ఇది ఏడోదానిలా ప్రమాదం కాదు. ఊచ చుట్టూ నిండితే చాలు, పక్కది సగం నిండితే గోడకి నష్టం లేదు, జేబుకే నష్టం. అక్కడ పోత ఆపి, వేరే గుల్లలు చూసుకుని, లోపలిది కాస్త బిగుసుకున్నాక తిరిగొచ్చాం. ఇంకో అర బకెట్టుకి నిండింది.

మొదటి రోజు సాయంత్రానికి ముప్పై గుల్లలూ అయ్యాయి. సుద్ద గీతలన్నీ కూడితే 66 బకెట్లు, 561 లీటర్లు. మా లెక్క ప్రకారం 513. తొమ్మిది శాతం ఎక్కువ. లెక్కకి సమంగానో, తక్కువగానో వచ్చి ఉంటే నేను ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి కాదు. లెక్క కంటే ఐదు నుంచి పది శాతం పైన ఉండటమే ఆరోగ్యం. మొత్తం సరిపోయినా ఒకటి నిండక, ఇంకోటి కారిపోయి ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు. అందుకే మొత్తంతో పాటు గుల్ల గుల్లకీ గీతలు చూడాలి. మా గోడలో ఏడోది, పందొమ్మిదోది కలిపి చూస్తే సగటు బాగానే ఉండేది.

రెండో విడత నాలుగు వరసలు. ఒక్కో గుల్లకి 13.7 లీటర్లు, ఒక బకెట్టు, ఇంకో బకెట్టులో సగానికి పైన. మొదటి విడతలో ఆపిన ఒకటిన్నర అంగుళం కూడా దీంట్లోనే నిండింది, గుల్లకి అర లీటరు పైన. ఆ రోజు మేస్త్రీయే బకెట్టు లోపల రెండో గీత పెట్టుకున్నాడు. బ్యాండు పోసే ముందు యు బ్లాకుల అడుగులు చేత్తో తడిమి చూసి, ఒకటి చిట్లిందని తీసి పక్కన పారేశాడు.

వారం తర్వాత నీళ్లు పడుతుంటే వెళ్లాను. సుద్ద గీతలు తడికి చెదిరినా కనిపిస్తున్నాయి, ఏడో గుల్ల దగ్గర కొట్టేసి మళ్లీ రాసిన గీతలతో సహా. "ప్లాస్టరు చేసేస్తే ఇవన్నీ పోతాయి కదండి బాబూ, ఓ ఫొటో తీసుకోండి" అన్నాడు మేస్త్రీ.